వివాదం లేని ఏడు లైన్లు

మా చిన్నాన్న కొడుకు ఆ రోజు నాతో చెప్పింది పూర్తి అబద్ధం కాదు, సగం నిజం. "అక్కా, నా క్రెడిట్ కార్డు ఎవరో వాడేశారు. పదకొండు ట్రాన్సాక్షన్లు. అన్నీ ఫ్రాడ్ అని బ్యాంకుకి ఒక లెటర్ రాసిపెట్టవా? ఇకమీదట బెట్టింగ్ సైట్లకి కార్డు పనిచేయకుండా బ్లాక్ చేయమని కూడా రాయి" అన్నాడు. 2025 నవంబర్ 18, మంగళవారం రాత్రి. కూకట్‌పల్లి హాస్టల్ నుంచి మా ఇంటికి బండి మీద వచ్చాడు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడే గానీ కింద పెట్టలేదు.

నన్నే అడగడానికి కారణం ఉంది. నాలుగేళ్ళు ఒక కార్డు సంస్థకి బ్యాక్ ఆఫీసులో, డిస్ప్యూట్ల డెస్క్ మీద పనిచేశాను. ఇలాంటి ఉత్తరాలు రోజుకి నలభై దాకా చదివేదాన్ని. నిజానికి చదవడం అనకూడదు. ఆ డెస్క్ మీద ఎవరైనా ముందు ఉత్తరం చదవరు, స్టేట్‌మెంట్ లైన్లు చూస్తారు. తేదీ, టైము, మొత్తం, వ్యాపారి పేరు, ఓటీపీ పడిందా లేదా. ఆ తర్వాతే ఉత్తరం. అప్పటికే వాళ్ళకి ఒక అభిప్రాయం ఏర్పడిపోయి ఉంటుంది.

వాడి ఫోన్ తీసుకుని యాప్‌లో ఇంకా బిల్లు కాని లావాదేవీలు చూశాను. మొత్తం 81,780 రూపాయలు. నవంబర్ మొదటి రెండు వారాల్లో ఎనిమిది లైన్లు, అన్నీ రూపాయల్లో, అన్నీ ఒకే పేరు మీద, అన్నీ రాత్రి పదికీ పన్నెండుకీ మధ్య. మూడు వేలు, ఐదు వేలు, పది వేలు. వాటికి ఓటీపీలు వచ్చాయి, మెసేజ్‌లు ఫోన్‌లో అలాగే ఉన్నాయి. ఆ తర్వాత మూడు లైన్లు. నవంబర్ 16, ఆదివారం తెల్లవారుజామున 2:07కి, 2:11కి, 2:16కి. ఒక్కోటి వంద యూరోలు. పేరు వేరు, ఊరు ఎక్కడో మధ్యధరా సముద్రంలో. ఓటీపీ లేదు.

ఒకే దొంగ ఇలా రెండు రకాలుగా దొంగతనం చేయడు. డెస్క్ మీద కూర్చున్న ఇరవై మూడేళ్ళ అమ్మాయికి కూడా అది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ మాటే అన్నాను. కాసేపు హెల్మెట్ వైజర్ పైకీ కిందకీ ఆడించాడు. "ముందరి ఎనిమిది నావే అక్కా" అన్నాడు. మళ్ళీ తనే, "ఎనిమిది కాదు, ఏడు. ఒకటి రెండుసార్లు పడింది."

అప్పుడు ఉత్తరం మొదలైంది. ఒక కాగితం మీద మూడు కుప్పలుగా రాసుకున్నాం. మొదటి కుప్పలో వాడు స్వయంగా పెట్టిన ఏడు: ఐదు వేలు మూడు, మూడు వేలు రెండు, పది వేలు రెండు, మొత్తం 41,000. రెండో కుప్పలో యూరోల మూడు లైన్లు, రూపాయల్లో 30,780. మూడో కుప్పలో ఒకే ఒక్క లైను. నవంబర్ 9 రాత్రి ఒక పదివేలు కడితే, ఒక్క ఓటీపీకి కార్డు మీద రెండు పదివేలు పడ్డాయి. గేమ్ ఖాతాలో జమ అయింది మాత్రం ఒక్క పదివేలే.

"అన్నీ కలిపి ఫ్రాడ్ అంటే ఏమవుతుంది? మహా అయితే కొన్ని ఇవ్వరు, అంతే కదా" అన్నాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు. అలా జరగదు. బ్యాంకు ఆ ఏడింటి మీద వివాదం లేవదీస్తే అవతలి వ్యాపారి రుజువులు పంపిస్తాడు. ఖాతా తెరిచిన ఫోన్ నంబరు వాడిదే, లాగిన్ అయిన ఫోన్ వాడిదే, అంతకుముందు ఎప్పుడో గెలిచిన పన్నెండు వందలు వెనక్కి వెళ్ళింది వాడి బ్యాంకు ఖాతాకే. అవి ఫైల్లో చేరిన క్షణం నుంచి నిజమైన మూడు లైన్లను కూడా ఎవరూ నమ్మరు. పోనీ ఆ ఏడింటికీ ఇంకో కారణం ఏదైనా చెప్పొచ్చా అంటే అదీ లేదు. డబ్బు ఆటలో పోయిందన్నది కార్డు నెట్‌వర్కుల రూల్స్‌లో వివాదానికి కారణం కాదు. ఖాతాలో ఆడుకునే విలువ జమ అయితే కొన్న వస్తువు చేతికి అందినట్టే వాళ్ళ లెక్క.

కాబట్టి ఉత్తరంలో మొదటి పేరా వదులుకునే పేరా అయింది. అక్కడ వాడు ఆగాడు. "నేనే ఆడానని రాసిస్తే కేసు పెట్టరా?"

ఇది తేలిగ్గా కొట్టిపారేసే భయం కాదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడించే వాళ్ళనీ, ప్రకటనలు ఇచ్చే వాళ్ళనీ, చెల్లింపులు నడిపే వాళ్ళనీ శిక్షిస్తుంది, ఆడినవాణ్ణి కాదు. కానీ తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో పందెం ఆడటాన్ని కూడా నేరం కిందకి తెచ్చారు. ఆంధ్రాలో 2020లో అదే పని చేశారు. దానికితోడు ప్రతి కార్డు నిబంధనల్లోనూ ఎక్కడో చిన్న అక్షరాల్లో జూదానికి వాడకూడదని ఉంటుంది. వాడితే కార్డు రద్దు చేసే హక్కు బ్యాంకుకి ఉంది.

అలాగని అబద్ధం రాయాలా? అక్కర్లేదు. బ్యాంకుకి వాంగ్మూలం ఇవ్వాల్సిన పని లేదు. ఆ ఏడు లైన్ల ఎదురుగా ఏం రాయాలో నాకు డెస్క్ మీదే తెలిసింది: "వీటిపై నాకు వివాదం లేదు." అంతే. ఎందుకు కట్టాడో, ఎక్కడ కట్టాడో, మళ్ళీ చేయనన్న ఒట్టు, ఏదీ వద్దు. ఆ ఒక్క వాక్యం నిజం, అవసరమైనంత మేరకే నిజం. ఆశ్చర్యం ఏమిటంటే కింద ఉన్న మూడు లైన్లకి బలం ఇచ్చేది కూడా అదే. 81 వేలల్లో 41 వేలు నావే అని తనంతట తానే ఒప్పుకున్నవాడు మిగతా వాటి గురించి చెప్పేది డెస్క్ మీద వాళ్ళు కాస్త జాగ్రత్తగా వింటారు. నేనూ వినేదాన్ని.

వాడు మొదట అనుకున్నది 22న స్టేట్‌మెంట్ వచ్చాక, తీరిగ్గా ఆ పై సోమవారం పంపుదామని. కుదరదన్నాను. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడో చోట ఎక్కడో జరిగిన మోసాన్ని, బ్యాంకు నుంచి మెసేజ్ అందిన మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారు పైసా భరించక్కర్లేదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే, ఐదు లక్షల లోపు లిమిట్ ఉన్న కార్డుకి ఒక్కో లావాదేవీకి పది వేల దాకా మీద పడొచ్చు. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు పాలసీ ఎలా ఉంటే అలా. మెసేజ్ అందిన రోజు లెక్కలోకి రాదు. మెసేజ్‌లు వచ్చింది ఆదివారం. సోమవారం ఒకటి, మంగళవారం రెండు. అంటే మా చేతిలో బుధవారం దాకా టైముంది. 22 నాలుగో శనివారం, సెలవు. వాడు అనుకున్న 24వ తేదీ సోమవారానికి అది ఆరో పనిదినం అవుతుంది. ఆ తీరిక ఖరీదు మూడు లైన్లకీ కలిపి ముప్ఫై వేల దాకా.

ఉత్తరానికి ముందు ఫోన్. హెల్ప్‌లైన్‌కి చేసి కార్డు బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు, టైము రాసుకున్నాం. రాత్రి 9:52. తర్వాత 1930కి కూడా చేశాడు, సైబర్ క్రైమ్ వాళ్ళ నంబరు. ఆ మూడు లైన్ల గురించి మాత్రమే. ఆ తర్వాత లాప్‌టాప్ తెరిచాం. పంపింది ఇంగ్లీషులోనే, ఆ డెస్కులు ఇంగ్లీషే చదువుతాయి. అసలు భాగం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"నా కార్డుపై నవంబర్ 1 నుంచి 16 వరకు పడిన పదకొండు లావాదేవీల పట్టిక జతచేశాను. వరుస సంఖ్య 1 నుంచి 7 వరకు ఉన్నవాటిపై నాకు వివాదం లేదు. 8వది 7వ లావాదేవీకి నకలు: ఒకే అనుమతిపై ఒకే మొత్తం రెండుసార్లు వసూలైంది. 9, 10, 11 నేను చేసినవి కావు, చేయడానికి ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. కార్డు ఆ సమయంలో నా దగ్గరే ఉంది. నాకు ఓటీపీ రాలేదు, ఎవరికీ ఏ వివరమూ చెప్పలేదు. వీటిని ఈ రోజు రాత్రి 9:52కి ఫోన్‌లో తెలియజేశాను.

ఈ మూడింటితో పాటు వాటిపై వేసిన విదేశీ మారక రుసుమును, దానిపై జీఎస్టీని కూడా సమీక్షించగలరు. పదకొండింటిలో ప్రతిదానికీ వ్యాపారి వర్గపు కోడ్, ఏఆర్ఎన్, ఏ పద్ధతిలో ధృవీకరణ జరిగిందో రాతపూర్వకంగా ఇవ్వగలరు."

రుసుము ఎందుకు విడిగా అడగాలంటే, అడక్కపోతే అది మర్చిపోతారు. 30,780 మీద మూడున్నర శాతం మార్కప్ అంటే 1,077 రూపాయలు, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 194. అసలు వెనక్కి వచ్చినా ఈ 1,271 స్టేట్‌మెంట్‌లో దిక్కులేకుండా ఉండిపోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఏఆర్ఎన్ అంటే ప్రతి లావాదేవీకి ఉండే 23 అంకెల సంఖ్య, ఇంటి పేరు లాంటిది. అది దొరికితే డబ్బు ఏ బ్యాంకు ద్వారా ఎటు పోయిందో వెతకొచ్చు.

ఇక రెండో సగం, బ్లాక్ చేయమనే సగం. వాడికి నిజంగా కావాల్సింది ఇదే. డబ్బు గురించి మాట్లాడినంతసేపూ నేల చూపులు చూసినవాడు ఇక్కడ మాత్రం కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. "బెట్టింగ్ అని ఉన్నదేదీ పోకూడదు, అలా రాయి" అన్నాడు.

అలా రాస్తే పనిచేయదు. బ్యాంకు కంప్యూటర్‌కి బెట్టింగ్ అన్న మాట తెలీదు, దానికి తెలిసింది నాలుగంకెల కోడ్. జూదానికి 7995. ఆ కోడ్ ఇచ్చేది మన బ్యాంకు కాదు, వ్యాపారికి ఖాతా ఇచ్చిన బ్యాంకు. నిజాయితీగా జూదం అని చెప్పుకున్న సైటు 7995 కింద వస్తుంది, అది ఆపడం తేలిక. మన దేశంలో నిషేధం తప్పించుకుంటూ నడిచే సైటు అలా చెప్పుకోదు. ఏదో ట్రేడింగ్ కంపెనీ పేరుతో, ఏదో డిజిటల్ వస్తువులు అమ్ముతున్నట్టు వస్తుంది. ఆ పేరుకీ ఆటకీ సంబంధం ఉందని ఆడేవాడికి తప్ప ఎవరికీ తెలీదు. అందుకే పదకొండింటికీ కోడ్ అడిగాం, వివాదం లేని ఏడింటికి కూడా.

కాబట్టి కోరికని విడగొట్టి రాశాం. 7995 కోడ్ మీద వచ్చే ప్రతి లావాదేవీని తిరస్కరించండి. కొత్త కార్డు మీద అంతర్జాతీయ వాడకం, ఆన్‌లైన్ వాడకం రెండూ ఆఫ్‌లోనే ఉంచండి. జతచేసిన వ్యాపారి పేర్లను విడిగా ఆపండి. లిమిట్ లక్షా యాభై వేల నుంచి ఇరవై వేలకి తగ్గించండి, పెంచుతామన్న ఆఫర్లు పంపకండి. నేనే తిరిగి ఆన్ చేయమన్నా డెబ్బై రెండు గంటల తర్వాతే చేయండి.

చివరిది దొరకదని నాకు తెలుసు. బ్రిటన్‌లో కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి, బ్లాక్ తీయమంటే రెండు రోజులు ఆగమంటాయి. పైగా అక్కడ 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో జూదమే నిషేధం. ఇక్కడ 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం వల్ల ఆన్‌లైన్, అంతర్జాతీయ వాడకాలకి స్విచ్‌లు ఉన్నాయి, మంచిదే. కాకపోతే అవి దొంగల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టినవి. ఆపినవాడే రాత్రి పదకొండింటికి రెండు ట్యాపులతో మళ్ళీ ఆన్ చేసుకోగలడు. "అయితే యాప్ పాస్‌వర్డ్ నువ్వు మార్చి నీ దగ్గర పెట్టుకో అక్కా" అన్నాడు. వద్దన్నాను. ఎవరికీ ఏ వివరమూ చెప్పలేదని పైపేరాలో ఇప్పుడే రాశాం. రేపు ఇంకో వివాదం వస్తే, పాస్‌వర్డ్ అక్క దగ్గరుందన్న సంగతి ఒక్కటి చాలు, కేసు పోవడానికి. ఉత్తరం పంపేసి, 14416 నంబరు వాడి ఫోన్‌లో సేవ్ చేశాను. టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. చేశాడో లేదో నేను అడగలేదు.

డిసెంబర్ 1న, సరిగ్గా పదో పనిదినాన, యూరోల మూడు లైన్లూ తాత్కాలికంగా జమ అయ్యాయి. మార్కప్ వెనక్కి రాలేదు. మళ్ళీ ఒక మెయిల్ పెట్టాక నాలుగు రోజులకి వచ్చింది. బ్యాంకు రాసిన జవాబులో ఇంకో సంగతి బయటపడింది. ఆ మూడింటి కోడ్ 7995. విదేశాలకి లాటరీ టికెట్లకీ, పందేలకీ డబ్బు పంపడం 2000 నాటి విదేశీ మారక నిబంధనల్లోనే నిషేధం. తన నిబంధనల్లోనూ వద్దని రాసుకున్న బ్యాంకు, తెల్లవారుజామున రెండింటికి ఆ కోడ్ మీద మూడుసార్లు సరే అంది. ఎలా అనుమతించారో చెప్పమని అడిగాం. దానికి జవాబు రాలేదు గానీ, ఆ మూడింటినీ జనవరి నెలాఖరుకి శాశ్వతంగా జమ చేసి ఫైలు మూసేశారు.

పదివేల నకలు మాత్రం తిరస్కరించారు. కారణం: "లావాదేవీ ఓటీపీతో ధృవీకరించబడింది." ఎవరో ఆ లైనుని కూడా మోసం కుప్పలో వేసి పరిశీలించారు. మేము మోసం అనలేదు. ఓటీపీ ఇచ్చాడు, నిజమే, ఒకసారికి ఇచ్చాడు. కుప్ప మారితే చూడాల్సిన రుజువే మారిపోతుంది. మోసానికి ఓటీపీ చూస్తారు, నకలుకి ఒకే అనుమతి మీద రెండు వసూళ్ళున్నాయా అని చూడాలి. గేమ్ ఖాతా జమల స్క్రీన్‌షాట్, వచ్చిన ఒక్క ఓటీపీ మెసేజ్ జతచేసి, "ఇది అనధికార లావాదేవీ ఫిర్యాదు కాదు" అని మొదటి వాక్యంగా పెట్టి మళ్ళీ పంపాం. ముప్ఫై రోజుల్లో తేలకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కి వెళతామని చివర రాశాం. ఇరవై ఆరో రోజున పదివేలు వచ్చింది.

వివాదం లేని 41 వేలు వాయిదాల మీద కడుతున్నాడు. వాళ్ళమ్మకి తెలీదు. చెప్పాలా వద్దా అన్నది వాడి ఇష్టానికి వదిలేశాను.

బ్లాక్ సంగతి. లిమిట్ ఇరవై వేలు చేశారు, స్విచ్‌లు ఆఫ్‌లో ఉన్నాయి. కోడ్ మీద బ్లాక్ చేశామని రాశారు. డెబ్బై రెండు గంటల సౌకర్యం లేదన్నారు. వివాదం లేని ఏడింటి కోడ్ కూడా ఇచ్చారు: 5816, డిజిటల్ ఆటలు. అంటే వాడు నిజంగా పోగొట్టుకున్న డబ్బులో ఒక్క రూపాయిని కూడా 7995 బ్లాక్ ఆపి ఉండేది కాదు. 5816 మొత్తం ఆపమని రెండో ఉత్తరం రాశాం. పోతే ఫోన్‌లో మామూలు ఆటలు కొనుక్కోవడం పోతుంది, పోనీ అన్నాడు.

ఫిబ్రవరి రెండో వారంలో వాడి నుంచి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది, పక్కన ఏ మాటా లేకుండా. రాత్రి 11:38. మూడు వేల రూపాయల లావాదేవీ, ఆన్‌లైన్ వాడకం ఆఫ్‌లో ఉన్నందున తిరస్కరించబడింది. వ్యాపారి పేరు కొత్తది, ఏదో హోమ్ డెకార్. ఎందుకు ప్రయత్నించావని అడగలేదు. పేరు స్పెల్లింగ్ సరిచూసుకుని, ఆపాల్సిన వ్యాపారుల పట్టికలో మూడో వరుసలో చేర్చి, బ్యాంకుకి మెయిల్ పెట్టమని తిప్పి పంపాను.